కేస్ స్టడీ: పదహారేళ్ళ కుర్రాడు, గంజాయి, బైక్ తాళం. ఎంతవరకు దాచొచ్చు, ఎక్కడ చెప్పి తీరాలి

చిన్న టౌన్‌లో ఫ్యామిలీ డాక్టర్‌ని. రోజంతా జ్వరాలు, షుగర్లు, బీపీలు, డ్రెస్సింగులు, వాటి మధ్యలో ఇలాంటివి. ఈ కుర్రాడి ఊరు, చదువు, ఇంట్లోవాళ్ళ పనులు అన్నీ మార్చేశాను, వయసు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో తలనొప్పి అంతా ఆ 18 నిండకపోవడం దగ్గరే ఉంది. మందులు ఏమిచ్చాం అనేది ఇందులో పెద్దగా లేదు. ఎవరికి ఏం చెప్పాను, ఏం చెప్పలేదు, ఎందుకు, అదే ఎక్కువ రాస్తున్నాను.

ఎలా వచ్చాడు

ఇంటర్ ఫస్టియర్. మోచేయి, మోకాలు గీరుకుపోయి డ్రెస్సింగ్‌కి వచ్చాడు, వాళ్ళమ్మ తీసుకొచ్చింది. రాత్రి పదిన్నరకి హైవే పక్క రోడ్డు మీద బైక్ స్కిడ్ అయింది. రెండు నెలల్లో ఇది రెండోసారి. వాళ్ళమ్మ "రాత్రుళ్ళు చదివి నిద్ర చాలట్లేదండీ, బండి మీద కునుకు పడుతున్నాడు" అంది. గాయం కడిగి, టీటీ వేసి, తలకి దెబ్బ తగల్లేదని చూసుకుని పంపించేస్తే పది నిమిషాల పని.

ఈ వయసు పిల్లలు డాక్టర్ దగ్గరికి ఊరికే రారు, ఏడాదికి ఒకసారి దెబ్బ తగిలో జ్వరం వచ్చో వస్తారు, అడగాలంటే అదే అవకాశం. అందుకే పన్నెండు దాటిన వాళ్ళు ఎవరు దెబ్బతో వచ్చినా అనుమానం ఉన్నా లేకపోయినా అడుగుతాను. వీడిని చూసి వాసన పట్టి అడిగిందేం కాదు, చూడ్డానికి మామూలుగానే ఉన్నాడు, కళ్ళు ఎర్రగా కూడా లేవు.

అడిగే ముందు చెప్పిన మాట

అమ్మ పక్కనుండగా "సిగరెట్, మందు ఏమైనా అలవాటుందా" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే, దాని వల్ల ఉపయోగం లేకపోగా "లేదు" అని ఫైల్లో ఎక్కిపోతుంది. కాబట్టి విడిగా మాట్లాడాలి, కానీ విడిగా మాట్లాడే ముందు ఇద్దరూ ఉండగానే రూల్స్ చెప్పేస్తాను. ఆ రోజు చెప్పింది దాదాపు ఇదే:

"అమ్మా, ఈ వయసు పిల్లలందరితోనూ కాసేపు ఒంటరిగా మాట్లాడతాను. తిండి, నిద్ర, కాలేజీ, ఫ్రెండ్స్, అలవాట్లు అన్నీ అడుగుతాను. వాడు చెప్పినవి మీకు చెప్పను. మూడు విషయాలు మాత్రం దాచను. వాడి ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే, వాడి వల్ల ఇంకొకరికి ప్రమాదం ఉంటే, ఎవరైనా వాడిని హింసిస్తున్నా లైంగికంగా ఇబ్బంది పెడుతున్నా. అలా చెప్పాల్సి వచ్చినా ముందు వాడికి చెప్పే మీకు చెప్తాను."

వాళ్ళమ్మ "నేను తల్లిని కదండీ, నాకు తెలియకూడనిది ఏముంటుంది" అంది. న్యాయమైన ప్రశ్నే. "తెలియాలమ్మా, వాడే మీకు చెప్పేలా చేద్దామనే నా ప్రయత్నం. నేను చెప్పేస్తానని తెలిస్తే నాక్కూడా చెప్పడు, అప్పుడు ఇద్దరికీ తెలీదు" అన్నాను. ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు నాకు చాలా ముఖ్యం, ఎందుకో చెప్తాను.

అమెరికన్ పుస్తకాలు చదివితే అక్కడ చాలా రాష్ట్రాల్లో మైనర్ తనంతట తానే డ్రగ్స్ ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకోవచ్చు, అమ్మానాన్నలకి తెలియక్కర్లేదు అని ఉంటుంది. మన దగ్గర అలాంటి వెసులుబాటు లేదు, 18 లోపు ట్రీట్‌మెంట్ నిర్ణయం గార్డియన్‌దే, 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో కూడా మైనర్‌కి గార్డియనే నామినేటెడ్ రిప్రజెంటేటివ్. ఇంకోవైపు 2002 మెడికల్ కౌన్సిల్ నియమాల్లో పేషెంట్ రహస్యం బయటపెట్టకూడదనీ, కోర్టు ఆర్డర్, ఫలానా మనిషికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం, నోటిఫై చేయాల్సిన జబ్బులు, ఇవే మినహాయింపులనీ ఉంది. పదహారేళ్ళవాడు ఈ రెంటి మధ్యలో పడతాడు. కాబట్టి నేను పిల్లాడికి ఇచ్చే మాటకి బలం ఎక్కడ్నుంచి వస్తుందంటే తల్లి ముందే ఒప్పుకోవడం నుంచి, అంతే. "ఎవరికీ చెప్పను, నన్ను నమ్ము" అని విడిగా పిల్లాడికి మాటిస్తే అది నిలబెట్టుకోలేని మాట.

మూడో మినహాయింపు నా ఇష్టం మీద లేదు. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం లైంగిక నేరం గురించి తెలిస్తే రిపోర్ట్ చేయాల్సిందే, డాక్టర్ అయినా సరే. గంజాయి తాగాడని తెలిస్తే పోలీసులకి చెప్పాలనే బాధ్యత మాత్రం డాక్టర్ మీద లేదు. చాలామంది తల్లిదండ్రులు "కేసు అవుతుందేమో" అని భయపడి అసలు రారు కాబట్టి ఇది నోటితో చెప్పేయడం మంచిది.

స్క్రీనింగ్

తల్లి బయటికి వెళ్ళాక ముందు నిద్ర, కాలేజీ, ఫ్రెండ్స్ గురించి అడిగాను. తర్వాత "మీ బ్యాచ్‌లో ఎవరైనా మందు, గంజాయి వాడతారా" అని, ఆ తర్వాతే "నువ్వు?" ఫ్రెండ్స్ గురించి చెప్పడం తేలిక, అక్కడ తలుపు తెరుచుకుంటుంది.

నేను వాడేది క్రాఫ్ట్ ప్రశ్నావళి, టీనేజ్ పిల్లల్లో మత్తు అలవాట్లు కనిపెట్టడానికి అడిగే ప్రశ్నల పట్టిక. ముందు భాగంలో గత 12 నెలల్లో ఎన్ని రోజులు అని అడుగుతుంది. "తాగుతావా" అంటే తల అడ్డంగా ఊపుతారు, "ఎన్ని రోజులు" అంటే లెక్క వేసుకోవడం మొదలెడతారు. వీడు బీరు ఆరేడు రోజులు అన్నాడు. గంజాయి దగ్గర కాసేపు ఆలోచించి "ఈమధ్య వారంలో నాలుగైదు రోజులు సార్" అన్నాడు. సిగరెట్లు రోజూ మూడు నాలుగు. మత్తు కోసం వైట్నర్, టానిక్కులు, టాబ్లెట్లు వాడటం లేదు. ఈ చివరివి పేరుపేరునా అడగాలి, "ఇంకేమైనా" అంటే లేదనే అంటారు.

రెండో భాగంలో ఆరు ప్రశ్నలు. మత్తులో బండి నడిపావా లేదా మత్తులో ఉన్నవాడి బండెక్కావా, అవును. రిలాక్స్ అవడానికో నలుగురిలో కలవడానికో వాడతావా, అవును. ఒంటరిగా వాడతావా, లేదు. ఏం చేశావో మర్చిపోయావా, లేదు. ఇంట్లోవాళ్ళో ఫ్రెండ్సో తగ్గించమన్నారా, అవును, ఒక ఫ్రెండ్. ఇబ్బందుల్లో పడ్డావా, అవును, అటెండెన్స్. ఆరుకి నాలుగు. రెండు వచ్చినా చాలు, ఇంకా లోతుగా చూడాలని అర్థం.

స్కోర్ కన్నా నన్ను ఆపింది వారంలో నాలుగైదు రోజులు అన్న మాట. వారానికోసారి, అంతకన్నా ఎక్కువ వాడేవాళ్ళలో వ్యసనం స్థాయికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి పది నిమిషాల కౌన్సెలింగ్ చాలదు, సైకియాట్రీకి పంపాలి. అందుకే వెంటనే ఇంకొన్ని అడిగాను: మానేస్తే నిద్ర పట్టకపోవడం, చిరాకు (కొంచెం ఉంది), ఎవరో వెంటాడుతున్నట్టు అనుమానాలు, మాటలు వినపడటం (లేవు), కుటుంబంలో మానసిక జబ్బు (లేదన్నాడు), చనిపోవాలనిపించడం (లేదు), ఎవరైనా వీడితో ప్యాకెట్లు మోయిస్తున్నారా (లేదు). ఆ చివరిదానికి అవునని ఉంటే ఇది వేరే కేసు అయ్యేది. పిల్లలతో డ్రగ్స్ అమ్మించడం, మోయించడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వాళ్ళ మీద జరిగే నేరం, అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098 దాకా ఆలోచించాల్సి వచ్చేది.

మొదటి నిర్ణయం: బైక్

రాత్రి పూట మత్తులో హైవే పక్కన బండి నడుపుతున్నాడు, రెండుసార్లు పడ్డాడు. ఇది ప్రాణానికి ప్రమాదమే, నేను చెప్పిన మొదటి మినహాయింపు కిందకే వస్తుంది. చెప్పేయాలా?

నేను ఆలోచించింది ఇలా. నాకు కావలసింది వాడు రాత్రి బండెక్కకుండా ఉండటం. దానికి గంజాయి సంగతి బయటపడాల్సిన అవసరం ఉందా? లేదు. వాడికి పదహారు, లైసెన్స్ లేదు. 2019 సవరణ తర్వాత మోటార్ వెహికల్స్ యాక్ట్‌లో 199ఏ అని ఒక సెక్షన్ వచ్చింది, మైనర్‌కి బండి ఇస్తే తండ్రికి లేదా ఓనర్‌కి మూడేళ్ళ దాకా జైలు, 25 వేలు ఫైన్, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. రెండు యాక్సిడెంట్లు ఎలాగూ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంత కారణం చేతిలో ఉండగా రహస్యం ఎందుకు ఖర్చు పెట్టాలి?

వాడితోనే అన్నాను, "బండి విషయం నేను వదల్లేను. తాళం నాన్నకి ఇచ్చేయమని అమ్మకి చెప్తాను, కారణం లైసెన్స్, రెండుసార్లు పడటం. మిగతాది చెప్పను. ఇది ఒప్పుకోకపోతే మిగతాది కూడా మాట్లాడాల్సి వస్తుంది." వాడు గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. ప్రమాదాన్ని రహస్యం తెరవకుండా మూసే దారి ఉందా అని ముందు వెతకడం, లేదని తేలాకే తెరవడం, అప్పట్నుంచి నేను ప్రతి కేసులోనూ వేసుకుంటున్న ప్రశ్న ఇదే.

బ్రీఫ్ ఇంటర్వెన్షన్

క్లాసు పీకలేదు, అది ఇంట్లో కాలేజీలో ఎలాగూ అవుతుంది. "దాంట్లో నీకు నచ్చేది ఏంటి" అని అడిగాను. టెన్షన్ పోతుంది, బ్యాచ్‌లో ఒకడిగా ఉంటాను అన్నాడు. "నచ్చనిది?" డబ్బులు, దగ్గు, పొద్దున్నే లేవలేకపోవడం. తర్వాత వాడే చెప్పాడు, ఆర్మీకి వెళ్ళాలని ఉందని, 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసేవాడినని, ఇప్పుడు సగంలోనే ఆయాసం వస్తోందని. అది నేను ఊపిరితిత్తుల బొమ్మ చూపించి చెప్పే మాట కన్నా ఎక్కువ పని చేస్తుంది, వాడి నోటితో వచ్చింది కాబట్టి. సున్నా నుంచి పదిలో మానాలని ఎంత ఉంది అంటే నాలుగు అన్నాడు. "ఒకటి ఎందుకు కాదు?" అని అడిగాను. ఇలా అడిగితే మానడానికి కారణాలు వాళ్ళే వెతుక్కుంటారు, "పది ఎందుకు కాదు" అంటే మానకపోవడానికి కారణాలు వెతుక్కుంటారు.

పూర్తిగా మానేయమనే నా సలహా, అది స్పష్టంగా చెప్పాను. వాడు ఒప్పుకుంది మాత్రం పరుగు ప్రాక్టీస్ ఉన్న రోజుల్లో ముట్టుకోను, రెండు వారాల తర్వాత మళ్ళీ వస్తాను అని. అదే తీసుకున్నాను. జిల్లా ఆసుపత్రి సైకియాట్రీకి వెళ్దామా అంటే "పిచ్చి డాక్టర్ దగ్గరికా" అని మొహం మాడ్చుకున్నాడు, ఆ మాట వచ్చే విజిట్‌కి దాచుకున్నాను.

ఇక్కడ నిజం ఒకటి చెప్పుకోవాలి. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో డ్రగ్స్ స్క్రీనింగ్ వల్ల లాభమా నష్టమా తేల్చడానికి ఆధారాలు చాలవని 2020లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ అంది, అదే దేశంలో పిల్లల డాక్టర్ల అకాడమీ మాత్రం రొటీన్‌గా చేయమంటుంది. నేను చేస్తున్నది మహా అద్భుతం అనుకుని చేయట్లేదు, అడగకపోతే ఆ బైక్ సంగతి నాకు తెలిసేది కాదు, నా మటుకు అది చాలు.

ఇంకో చిన్న విషయం, పుస్తకాల్లో ఉండదు. మన దగ్గర ఓపీ బుక్ పేషెంట్ ఇంటికి పట్టుకెళ్తాడు. అందులో గంజాయి అని రాస్తే సాయంత్రానికి ఇంట్లో అందరూ చదువుతారు, పక్క మెడికల్ షాపువాడు కూడా చదువుతాడు. బుక్‌లో గాయం, టీటీ, "సాధారణ కౌన్సెలింగ్, 2 వారాలకి రివ్యూ" అని రాసి, స్క్రీనింగ్ నోట్స్ క్లినిక్ రికార్డులో విడిగా పెట్టి తాళం వేశాను. రివ్యూ ఫోన్ తల్లి నంబర్‌కే వెళ్తుంది కాబట్టి రిసెప్షన్‌లో అమ్మాయికి "డ్రెస్సింగ్ చూపించుకోడానికి రమ్మను" అని మాత్రమే చెప్పాను.

ఏది పని చేయలేదు

రెండు వారాలకి వచ్చాడు. వారంలో రెండు రోజులకి తగ్గిందన్నాడు. బండి తాళం నాన్న దగ్గరే ఉంది. కానీ ఫ్రెండ్ బండి వెనకాల ఎక్కుతున్నాడు, ఆ ఫ్రెండ్ కూడా మత్తులోనే ఉంటాడు. తాళం తీసేసి సగం దారే మూశామన్నమాట. దానికి మేనమామతో ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏ రాత్రయినా ఫోన్ చేస్తే ఆయన వచ్చి ఎక్కించుకుపోతాడు, ఆ రాత్రికి ఒక్క ప్రశ్న కూడా అడగడు. మేనమామని ఎంచుకున్నది వాడే.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి వచ్చింది. తల్లి మొదటిసారే "యూరిన్ టెస్ట్ చేయించండి, నిజం తెలిసిపోతుంది" అని అడిగింది, నేను కాదన్నాను. నా కారణాలు ఇవి: వాడికి తెలియకుండా చేసే టెస్ట్‌తో నమ్మకం పోతుంది, మామూలు కిట్‌లో వైట్నర్ లాంటివి పట్టుబడవు కాబట్టి నెగెటివ్ వస్తే ఏమీ లేదని కాదు, పాజిటివ్ వస్తే ఎప్పుడు, ఎంత, ఎందుకు అన్నది తెలీదు. ఆమె ఊరుకుంది. తండ్రి ఊరుకోలేదు. ఎవరో ఏదో చెప్పారట, హెల్త్ చెకప్ అని ల్యాబ్‌కి తీసుకెళ్ళి చేయించాడు. పాజిటివ్. బెల్టుతో కొట్టాడు.

విషాదం ఏంటంటే అప్పటికి వాడు వారం రోజులుగా ముట్టుకోలేదు. గంజాయిలో ఉండే టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా బయటికొస్తుంది, ఎప్పుడో ఒకసారి వాడినవాడికి కొద్ది రోజుల్లో పోతుంది, తరచుగా వాడినవాడికి వారాలు పట్టొచ్చు. అంటే ఆ రిపోర్ట్ చూపించింది పాత వాడకాన్ని, శిక్ష పడింది మానుతున్నవాడికి. తండ్రి నా దగ్గరికి వచ్చి రిపోర్ట్ టేబుల్ మీద పెట్టి "మీకు ముందే తెలుసా" అన్నాడు. "అవునండీ. విడిగా మాట్లాడతాననీ, ప్రాణం మీదికొస్తే తప్ప చెప్పననీ మీ ఆవిడ ముందే చెప్పాను. ప్రమాదం బండితో ఉంది, అందుకే బండి ఆపించాను" అన్నాను. టీహెచ్‌సీ సంగతి కూడా చెప్పాను. ఆయన చల్లబడలేదు కానీ విన్నాడు. కుర్రాడు మాత్రం నేనే చెప్పాననుకుని రావడం మానేశాడు.

రహస్యం తెరిచిన రోజు

కొన్ని వారాల తర్వాత మేనమామ తీసుకొచ్చాడు, నిద్ర లేదు, తిండి లేదు అని. విడిగా కూర్చున్నాక ముందు నేను ఎవరికీ చెప్పలేదన్నది తేల్చుకున్నాం. తర్వాత మళ్ళీ సూటిగా అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని. చాలాసేపు మాట్లాడలేదు. అనిపిస్తోందన్నాడు, ఇంట్లో ఉన్న పురుగుల మందు గురించి కూడా ఆలోచన వచ్చిందన్నాడు.

ఇక్కడ బండి తాళం లాంటి అడ్డదారి లేదు. వాడితో "మొదటి రోజు చెప్పాను కదా నాన్నా, ఇది నేను దాచలేను. ఇప్పుడు చెప్పబోతున్నాను. ఎవరికి చెప్పాలో, నువ్వు చెప్తావో నేను చెప్పాలో నువ్వు చెప్పు" అన్నాను. అమ్మకి, నేనే చెప్పాలి, నాన్న పక్కన ఉండకూడదు అన్నాడు. ఆమె వచ్చేదాకా వాడిని ఒంటరిగా వదల్లేదు. ఆమెకి చెప్పింది మూడే: వాడికి ఈ ఆలోచనలు ఉన్నాయి, ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఈ రోజే బయటికి వెళ్ళిపోవాలి, రాత్రి ఎవరో ఒకరు పక్కన పడుకోవాలి. ఫ్రెండ్స్ పేర్లు, ఎక్కడ కొంటారు, ఎన్నిసార్లు, ఇవేవీ చెప్పలేదు, ప్రాణం కాపాడటానికి అవి అక్కర్లేదు. తెరిచినప్పుడు కూడా అవసరమైనంతే తెరవాలి అనేది నా లెక్క.

అదే రోజు మేనమామ తోడుగా జిల్లా ఆసుపత్రి సైకియాట్రీకి పంపాను, చీటీ ఇచ్చి ఊరుకోకుండా అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. రాత్రి అవసరమైతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 అని ముగ్గురి ఫోన్లలో సేవ్ చేయించాను. ఈసారి "పిచ్చి డాక్టర్" అనలేదు. డిప్రెషన్ అని అక్కడ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టారు, గంజాయి కౌన్సెలింగ్ కూడా అక్కడే, నా దగ్గరికి మధ్యమధ్యలో వస్తున్నాడు.

నేను మాట తప్పాననుకుంటాడేమోనని భయపడ్డాను, తర్వాతి విజిట్‌లో అడిగాను కూడా. "మీరు ముందే చెప్పారుగా సార్" అన్నాడు.

ఇప్పుడు, ఇంకా తేలనివి

నాలుగో నెలకి గంజాయి నెలకి ఒకటి రెండుసార్లకి వచ్చింది, వాడు చెప్పిన లెక్కే, టెస్ట్ చేయించలేదు. సిగరెట్ తగ్గలేదు. పరుగు మళ్ళీ మొదలైంది. మేనమామకి రాత్రి ఫోన్ రెండుసార్లు వచ్చిందట, ఆయన మాట మీద నిలబడి ఏమీ అడగలేదు. తండ్రి కొట్టడం ఆపాడని తల్లి చెప్పింది, కుర్రాడు కూడా అదే చెప్పాడు. ఈ సంగతి ఇద్దరినీ విడివిడిగా అడుగుతున్నాను, ఎందుకంటే కొట్టడం కూడా నేను దాచనని చెప్పిన మూడో దాంట్లోకే వస్తుంది, మళ్ళీ జరిగితే ఈసారి తండ్రితో మాట్లాడి వదిలేయడం కుదరదని ఆయనకి మొహం మీదే చెప్పాను.

ఈ కేసు తర్వాత నా క్లినిక్‌లో మారింది ఒకటే. ఆ మొదటి మాట ఇప్పుడు వీలైతే తల్లిదండ్రులు ఇద్దరికీ చెప్తున్నాను, ఒకరే వస్తే రెండోవాళ్ళకి ఫోన్ చేసి చెప్తున్నాను, అందులో "నాకు తెలియకుండా టెస్ట్ చేయించకండి, చేయించాలనిపిస్తే ముందు నన్ను అడగండి" అని ఒక వాక్యం కలిపాను. కొంతమంది తండ్రులకి అది నచ్చదు, పిల్లాడిని తీసుకుని వెళ్ళిపోతారు. మొన్న ఒకాయన అలాగే వెళ్ళి, వారం తర్వాత పిల్లాడిని ఒక్కడినే పంపించాడు, ఫీజు చేతిలో పెట్టి.